1.51, 0.75, 0.52: మేడిగడ్డ లెక్క వెనుక చరిత్ర

క్రిందటి దసరాకు జనగామలో మా పెద్దనాన్న ఇంట బంధువులంతా కలిశాము. భోజనాలయ్యాక మాట వానల మీదికి, వానల నుంచి కాళేశ్వరం మీదికి మళ్ళింది. మహబూబాబాద్ నుంచి వచ్చిన మామకు శ్రీరాంసాగర్ రెండో దశ కాలువ చివరన నాలుగెకరాల పొలం ఉంది. "గన్ని కోట్లు వెట్టినంక ఇప్పుడు ఆపుతరా బిడ్డా? మొత్తం నీళ్ళపాలు జేస్తరా?" అన్నాడాయన. భూపాలపల్లి వైపు మహదేవపూర్ దగ్గర సేద్యం చేసే బావ ఆ మాటకు ఒప్పుకోలేదు. "మీకు నీళ్ళొచ్చుడేమో గాని మామా, మా చేను నీళ్ళల్ల వోయింది. ఆ లెక్క ఎవలు రాసిన్రు?" అన్నాడు. పెద్దనాన్న మాత్రం ఇద్దరికీ అడ్డుపడి, "ఇరవై ఏండ్ల సంది దేవాదుల నీళ్ళు వస్తున్నయి, వస్తున్నయి అనుకుంటనే ముసలోన్నైతి" అని నవ్వేశాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆర్థికశాస్త్రం చదివేవాళ్ళు పుస్తకాల్లో పేజీల కొద్దీ వాదించుకునే మూడు చిక్కులను ఆ ముగ్గురూ మూడు వాక్యాల్లో చెప్పేశారనిపించింది. మామ అడిగింది తిరిగిరాని ఖర్చు సంగతి. బావ అడిగింది ఇతరుల నెత్తిన పడే ఖర్చు సంగతి. పెద్దనాన్న చెప్పింది కాలానికి కట్టే వెల సంగతి. ఈ మూడింటినీ మేడిగడ్డ ఆనకట్ట చుట్టూ ఒక వరుసలో పెట్టి చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. రాజకీయపు తీర్పు నాకు అక్కరలేదు, లెక్క ఎలా పుట్టిందో తెలిస్తే చాలు.

లాభవ్యయ నిష్పత్తి ఎక్కడి నుంచి వచ్చింది

ఒక ప్రాజెక్టు కట్టవచ్చునా లేదా అని తేల్చడానికి బ్రిటిష్ పాలనలో ఒకే ప్రశ్న ఉండేది: ఖజానాకు వడ్డీ గిట్టుతుందా? 1847–52 మధ్య కాటన్ దొర ధవళేశ్వరంలో కట్టిన ఆనకట్ట ఆ పరీక్షలో దిట్టంగా నెగ్గింది. పెట్టుబడి మీద వడ్డీకి మించి శిస్తు తెచ్చే పనులను ఉత్పాదకాలని, అంత తేకపోయినా కరువు నుంచి కాపాడే పనులను రక్షకాలని విడదీశారు. డెల్టాలకు మొదటి పేరు దక్కింది. మెట్ట సీమలకు కట్టినవేవైనా ఉంటే వాటికి రెండో పేరు దక్కింది.

స్వాతంత్ర్యం తర్వాత ఈ దృష్టి మారింది. ఖజానాకు ఎంత వచ్చిందన్నది కాదు, రైతు పంటలో, మొత్తం సమాజంలో ఎంత విలువ పెరిగిందన్నది చూడాలని 1964లో నిజలింగప్ప కమిటీ చెప్పింది. దాని నుంచి పుట్టినదే నేటి లాభవ్యయ నిష్పత్తి. ఏడాదికి పెరిగే పంట విలువను ఏడాది ఖర్చుతో భాగిస్తారు. మామూలు ప్రాజెక్టుకు అది 1.5 ఉండాలి, కరువు ప్రాంతానికి 1 ఉన్నా చాలునన్నది వాడుకలో స్థిరపడిన నియమం. పాత 'రక్షక' భావనే కరువు ప్రాంతపు సడలింపుగా కొత్త బట్టలు కట్టుకుని వచ్చిందని నాకనిపిస్తుంది. 1983లో నితిన్ దేశాయి కమిటీ మరో మెట్టు ఎక్కి, కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకునే ప్రతిఫల రేటు పద్ధతిని సూచించింది. మామూలు ప్రాజెక్టుకు 9 శాతం, కరువు, కొండ ప్రాంతాలకు 7 శాతం అన్నది. అయినా నీటిపారుదల శాఖల కాగితాల మీద రాజ్యమేలుతున్నది పాత నిష్పత్తే.

ఈ నేపథ్యంలో కాళేశ్వరం అంకెలు చూడండి. పాత ప్రాణహిత–చేవెళ్ళ ప్రాజెక్టును మార్చి, 2016లో పునాది వేసి, 2019 జూన్ 21న ప్రారంభించారు. కేంద్ర జలసంఘానికి ఇచ్చిన నివేదికలో ఖర్చు సుమారు 81,911 కోట్లు, నిష్పత్తి 1.51. గీత 1.5 దగ్గర ఉన్నప్పుడు అంకె 1.51 దగ్గర ఆగడం గమనించదగినది. 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక, లాభాలను ఎక్కువగా, ఖర్చులను తక్కువగా చూపారని చెప్పి, అదే అంచనా మీద నిష్పత్తి 0.75 అని తేల్చింది. మొత్తం ఖర్చు 1,47,427 కోట్లు దాటవచ్చునని, ఆ ఖర్చుతో నిష్పత్తి 0.52కు దిగుతుందని అన్నది. నది అదే, పొలాలు అవే. రూపాయికి రూపాయిన్నర వస్తుందన్న చోట అర్ధరూపాయి మిగిలింది.

కాలానికి ధర కట్టడం

పెద్దనాన్న మాట దగ్గర మొదలుపెడదాము. యాభై ఏళ్ళ తర్వాత వచ్చే వంద రూపాయలు ఇవాళ ఎంత? ఏడాదికి 10 శాతం చొప్పున తగ్గించుకుంటూ వస్తే 85 పైసలు. 4 శాతమైతే 14 రూపాయలు. ఈ తగ్గింపు శాతాన్నే డిస్కౌంటు రేటు అంటారు. రేటు ఎక్కువ పెడితే మనవల కాలపు పంటకు విలువ లేకుండా పోతుంది. తక్కువ పెడితే ఇవాళ బడికి, ఆసుపత్రికి పెట్టగల డబ్బు ఊరకే వచ్చినట్టు కనిపిస్తుంది. వాతావరణ మార్పు మీద బ్రిటన్‌లో నికొలస్ స్టెర్న్ 2006లో ఇచ్చిన నివేదికకూ, అమెరికా ఆర్థికవేత్త విలియం నార్డ్‌హౌస్ లెక్కలకూ మధ్య పెద్ద తగువు ఈ ఒక్క అంకె మీదే జరిగింది.

మన నీటిపారుదల లెక్కలో ఈ రేటు దొంగచాటుగా ప్రవేశిస్తుంది. పెట్టుబడి మీద 10 శాతం వడ్డీ అని ఏడాది ఖర్చులో ఒక పద్దు రాస్తారు, అంతే. దానికి అరుగుదల, నిర్వహణ, కరెంటు కలుపుతారు. లాభం వైపు ఆయకట్టంతా పూర్తిగా పారిన ఏడాది పంటను రాస్తారు. ఇక్కడే పెద్దనాన్న జారిపోతాడు. దేవాదులకు 2001లో శంకుస్థాపన జరిగింది, పనులు 2004లో మొదలయ్యాయి, ఆ తర్వాత దశలు దశలుగా ఏళ్ళ తరబడి సాగాయి. మొదట పెట్టిన రూపాయి పది శాతం చొప్పున పదేళ్ళలో 2 రూపాయల 59 పైసలవుతుంది. నీళ్ళు పదేళ్ళు ఆలస్యమైతే ఎదురు రావలసింది అంత. కానీ ఏడాది పద్ధతి లెక్కలో నీళ్ళు రేపే వచ్చినా పదేళ్ళకు వచ్చినా నిష్పత్తి మారదు. జనగామ మెట్టలో ఎండిన బోర్ల పక్కన ఎదురుచూసిన ఏళ్ళకు ఆ కాగితంలో చోటు లేదు. దేశాయి కమిటీ చెప్పిన పద్ధతిలో ఉంటుంది.

ఇప్పుడు కాళేశ్వరానికి రేటు మార్చి చూద్దాము. ఇది నా ముతక లెక్క, పెన్సిలుతో వేసినది. పెట్టుబడి 1,47,427 కోట్లు. కాగ్ ప్రకారం ఏడాదికి కరెంటు 10,375 కోట్లు, ఇతర నిర్వహణ కలిపితే సుమారు 10,647 కోట్లు. పది శాతం వడ్డీ అంటే 14,743 కోట్లు. అరుగుదల మొత్తం మీద ఒక శాతమే అనుకుందాము (నిజానికి మోటార్లు అంతకన్నా చాలా త్వరగా అరుగుతాయి), అది 1,474 కోట్లు. మొత్తం దాదాపు 26,900 కోట్లు. నిష్పత్తి 0.52 అంటే ఏడాది లాభం దాదాపు 14,000 కోట్లన్నమాట.

వడ్డీని 7 శాతానికి తగ్గిస్తే ఏడాది ఖర్చు 22,400 కోట్లకు దిగుతుంది, నిష్పత్తి 0.62 అవుతుంది. 4 శాతానికి తగ్గిస్తే ఖర్చు 18,000 కోట్లు, నిష్పత్తి 0.78. నిష్పత్తి ఒకటికి చేరాలంటే రేటు ఒకటింపావు శాతం దగ్గరికి రావాలి.

ఈ అంకెలు వేసుకున్నాక నా పాత అభిప్రాయమొకటి కూలిపోయింది. "తక్కువ రేటు పెడితే పెద్ద ప్రాజెక్టులన్నీ గట్టెక్కుతాయి" అనుకునేవాణ్ణి. ధవళేశ్వరం లాంటి పారుడు కాలువకు ఆ మాట నిజమే. అక్కడ ఖర్చంతా మొదట్లోనే పెట్టేస్తారు, తర్వాత నీరు పల్లానికి తానే పోతుంది. ఎత్తిపోతలలో అలా కాదు. కరెంటు బిల్లు ప్రతి ఏడూ లాభం పక్కనే నడుస్తుంది, రేటు తగ్గిస్తే రెండూ సమంగా పెరుగుతాయి. అందువల్ల ఎత్తిపోతల లెక్క చదివేటప్పుడు మొదట చూడవలసింది వడ్డీ శాతం కాదు, యూనిట్ ధర. కాగ్ చెప్పిన ఏడాది వాడకం 1,434 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు ఒక్క రూపాయి తేడా వస్తే ఏడాదికి 1,434 కోట్లు తేడా. అంచనా కాగితంలో యూనిట్ మూడు రూపాయలని రాస్తే బిల్లు 4,300 కోట్లు. కాగ్ లెక్కగట్టిన బిల్లులో స్థిర చార్జీలతో కలిసి యూనిట్‌కు ఏడు రూపాయల పైచిలుకు పడుతుంది.

పోయిన డబ్బు, మిగిలిన పని

ఇక మామ ప్రశ్న. మహబూబాబాద్ దాకా నీరు వచ్చే దారి పొడవైనది. మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ళ, ఎల్లంపల్లి, మధ్యమానేరు, దిగువమానేరు, ఆపైన కాకతీయ కాలువ. అక్కడ కాళేశ్వరం కొత్త ఆయకట్టును సృష్టించదు, ఉన్నదాన్ని నిలకడ చేస్తుంది. కొత్త ఆయకట్టు 18.25 లక్షల ఎకరాలని, స్థిరీకరణ 18.82 లక్షల ఎకరాలని చెప్పారు. ఈ రెండింటినీ ఊరకే కూడితే 37 లక్షలవుతుంది, వేదికల మీద వినబడే సంఖ్య అదే. కానీ ఇప్పటికే కొంత పండే ఎకరానికి అదనంగా వచ్చేది అదనపు పంట మాత్రమే. స్థిరీకరణ ఎకరాన్ని పావు ఎకరంగా తీసుకుంటే మొత్తం దాదాపు 23 లక్షల ఎకరాలు. కాగ్ చెప్పిన ఎకరాకు 6.42 లక్షల పెట్టుబడి, ఏడాదికి 46,364 రూపాయల నిర్వహణ అన్న అంకెలు సరిగ్గా ఆ 23 లక్షలతో భాగిస్తేనే వస్తాయి. మామ నాలుగెకరాలు ఈ లెక్కలో ఒక ఎకరమన్నమాట.

"గన్ని కోట్లు వెట్టినంక" అన్న మాటకు సూత్రం సులభం: ఏ నిర్ణయం తీసుకున్నా తిరిగిరాని డబ్బును ఆ నిర్ణయపు లెక్కలో రాయకూడదు. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. ఆ తర్వాత దానిని బాగుచేయాలా వద్దా అన్న ప్రశ్నకు, వెనుక పెట్టిన వేల కోట్లు అనుకూలంగానూ సాక్ష్యం కాదు, ప్రతికూలంగానూ కాదు. అప్పు మీద వడ్డీ పంపులు తిప్పినా తిప్పకపోయినా కట్టవలసిందే కనుక అదీ రెండు వైపులా సమానమే. తూచవలసినవి ముందున్నవి మాత్రమే: మరమ్మతు ఖర్చు, ఇకమీద కట్టే కరెంటు, ఆ నీటితో అదనంగా వచ్చే పంట. నా ముతక లెక్కలో ఏడాది లాభం 14,000 కోట్లు, నడిపే ఖర్చు 10,647 కోట్లు. అంటే మొత్తంగా కట్టకూడనిదని తేలిన ప్రాజెక్టు, కట్టేశాక నడపదగినదని తేలవచ్చు. ఈ రెండు వాక్యాలూ ఒకేసారి నిజం కావచ్చునన్నది మా ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. మొత్తానికి కాక ఒక్కొక్క పంపునకు, ఒక్కొక్క ఎత్తుకు విడిగా ఈ ప్రశ్న వేసుకోవచ్చు. తక్కువ ఎత్తుకు తోడే నీరు గిట్టి, చివరి ఎత్తుకు తోడేది గిట్టకపోవచ్చు.

కానీ ఈ సూత్రానికి ఒక చీకటి కోణం ఉంది. దానిని ముందే తెలిసినవాడు వాడుకోగలడు. కాళేశ్వరానికి మొత్తానికి ఒకే అనుమతి లేదని, 73 విడివిడి పరిపాలనా అనుమతులతో 1,10,248 కోట్ల పనులు మంజూరయ్యాయని కాగ్ రాసింది. ముక్కలుగా నడిస్తే ఏమవుతుంది? ఆనకట్ట కట్టాక దాని ఖర్చు 'పోయిన డబ్బు' అవుతుంది. ఇక పంపుహౌసు ఒక్కటే లెక్క, గిట్టుతుంది. పంపుహౌసు అయ్యాక కాలువ ఒక్కటే లెక్క, అదీ గిట్టుతుంది. ప్రతి ముక్కా లాభంగానే కనబడుతుంది, మొత్తం మాత్రం 0.52. రోజుకు రెండు టీఎంసీల నుంచి మూడుకు పెంచిన పనులకు 28,151 కోట్లు అదనమని, దాని అవసరాన్ని అంచనా కట్టలేదని కూడా అదే నివేదిక చెప్పింది. కనుక తిరిగిరాని ఖర్చును వదిలేయాలన్న సూత్రం, మొదటి రోజున మొత్తాన్ని ఒకే కాగితం మీద తూచిన చోటనే న్యాయంగా పనిచేస్తుంది.

ఇంకొక సూక్ష్మం. డబ్బు పోతుంది కానీ పని మిగులుతుంది. ప్రాణహిత–చేవెళ్ళ కింద 2016కు ముందు పెట్టిన డబ్బును లెక్కలో కలపకపోవడం సరైనదే. అయితే దానితో తవ్విన కాలువలు పాత ప్రత్యామ్నాయపు మిగిలిన ఖర్చును తగ్గించి ఉంటాయి, ఆ తగ్గుదలను పోలికలో చూపాలి. మార్పు వల్ల నిరుపయోగమైన పనుల నష్టం 767 కోట్ల పైచిలుకని కాగ్ లెక్క. అవి పాత నమూనాలో పనికివచ్చేవి, కొత్తదానిలో రావు. ఆ తేడా తిరిగిరాని ఖర్చు కాదు, మార్పునకు కట్టిన ధర.

ఎవరి ఖాతాలో

చివరగా బావ ప్రశ్న. మహదేవపూర్ మండలం అంబటిపల్లి దగ్గర గోదావరికి ఈవల మేడిగడ్డ, ఆవల మహారాష్ట్ర సిరోంచ. వెనుక నీరు హద్దు చూసుకుని ఆగదు. తెలంగాణ శాఖ కాగితంలో సిరోంచ రైతు పత్తిచేను ఖర్చు వైపు రాయడానికి ఎవరికీ తొందర ఉండదు, ఎందుకంటే ఆ బిల్లు తమ శాఖకు రాదు. 2022 జూలై వరదలో మంథని మునిగింది, కన్నేపల్లి పంపుహౌసులోకే నీరు వచ్చింది. పంపుహౌసు మోటార్ల నష్టం శాఖ పద్దుల్లోకి ఎక్కుతుంది, మంథని ఇళ్ళది ఎక్కదు. వెనుక నీటి వల్ల ఎంత, వరద వల్ల ఎంత అన్నది తేల్చడానికి ఒకటే మార్గం: ఆనకట్ట లేకుంటే ఆ రోజు అదే ప్రవాహానికి నీటిమట్టం ఎంత ఉండేది? దానికి పైన ఉన్న అడుగులు మాత్రమే ప్రాజెక్టు ఖర్చు. ప్రాజెక్టుకు ముందు, తర్వాత అన్న పోలిక ఇక్కడ చెల్లదు. ప్రాజెక్టు ఉంటే, లేకుంటే అన్న పోలికే కావాలి.

ఆ నియమం లాభం వైపు కూడా వర్తిస్తుంది. మేడిగడ్డ ఆగిన తర్వాత 2024 వానాకాలంలో రాష్ట్రంలో వరి రికార్డుగా పండిందని ప్రభుత్వం ప్రకటించింది. దానిని చూపి కాళేశ్వరం అక్కరలేదనడం కూడా ముందు–తర్వాత పొరపాటే. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ప్రశ్న వానలు తప్పిన ఏడాదికి వేసుకోవాలి.

కరెంటులోనూ బయటి ఖర్చు ఉంది. భూపాలపల్లి జిల్లాలోనే చెల్పూరులో సింగరేణి బొగ్గుతో నడిచే కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. బొగ్గు కరెంటు యూనిట్‌కు సుమారు కిలో బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. 1,434 కోట్ల యూనిట్లూ బొగ్గువే అయితే ఏడాదికి దాదాపు కోటీ నలభై లక్షల టన్నులు. బూడిదా, పొగా పీల్చేవారి ఖర్చు బిల్లులో ఉండదు. మరోవైపు చెరువులు నిండి బావుల్లో నీరు పైకి రావడం బిల్లు కట్టనివాడికీ దక్కే లాభం, దానినీ న్యాయంగా కలపాలి. అయితే ఒక్కసారే. కాలువ ఎకరం కింద రాసిన పంటను బావి కింద మళ్ళీ రాయకూడదు.

మరునాడు ఉదయం చాయ్ తాగుతూ ఇదంతా మామకు, బావకు పాత క్యాలెండర్ వెనుక రాసి చూపాను. మామ తన నాలుగెకరాలు ఒకటైనందుకు కాసేపు చిన్నబుచ్చుకున్నాడు. ఆ తర్వాత, "అయితే బాగుజేసుడు గిట్టుతదా గిట్టదా, గది జెప్పు" అన్నాడు. మరమ్మతు ఖర్చెంత, ఏ ఎత్తు దాకా తోడతారు, వాన తప్పిన ఏడాది ఎల్లంపల్లిలో మేడిగడ్డ లేకుండా ఎంత నీరుంటుంది అన్న మూడు అంకెలు వేస్తే తప్ప చెప్పలేనన్నాను. బావ క్యాలెండర్ తన వైపు తిప్పుకుని, ఆ మూడింటి కింద నాలుగో గీత గీసి, "మాది గూడ ఇండ్ల రాయి" అన్నాడు.

రాశాను.